ఫైనల్ ఇంకా రాయలేదు, మరి ఇప్పుడు నా గ్రేడ్ ఎంత?

ప్రశ్న: మాది సింగరాయకొండ సార్. ఒక ఆన్‌లైన్ కోర్సు చేస్తున్నాను. అసైన్‌మెంట్లకు 25 శాతం, మిడ్‌టర్మ్‌కు 30 శాతం, ఫైనల్‌కు 45 శాతం వెయిటేజీ అని సిలబస్‌లో ఉంది. అసైన్‌మెంట్లలో 20కి 18, 20కి 15, 10కి 9, 50కి 31 వచ్చాయి. మిడ్‌టర్మ్‌లో 40కి 26. ఫైనల్ 80 మార్కులకు, ఇంకా రాయలేదు. అన్నీ కూడి భాగిస్తే నాకు 70.7 శాతం వస్తోంది. పోర్టల్‌లో మాత్రం 37.75 అని చూపిస్తోంది. ఫెయిల్ అవుతానేమోనని టెన్షన్‌గా ఉంది. రెండింటిలో ఏది కరెక్ట్? మొత్తం మీద 75 రావాలంటే ఫైనల్‌లో ఎంత తెచ్చుకోవాలి?

సమాధానం:

ముందు టెన్షన్ పక్కన పెట్టండి. పోర్టల్ చూపించే 37.75 మీ శాతం కాదు. మొత్తం కోర్సు 100 పాయింట్లు అనుకుంటే, అందులో ఇప్పటికి 55 పాయింట్లకే పరీక్షలు అయ్యాయి. ఆ 55లో మీరు సంపాదించినవి 37.75. శాతంలో చెప్పాలంటే ఈరోజుకు మీది 68.64. మీ 70.7 లెక్క మాత్రం సరైనది కాదు, ఎందుకో కింద చెప్తాను. 75 దాటాలంటే ఫైనల్‌లో 80కి 67 రావాలి.

నేను కావలిలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. ప్రతి సెమిస్టర్‌లో ఇంటర్నల్ మార్కులు వేసే పని నాదే. ఆ లిస్టు నోటీసు బోర్డులో పెట్టిన రోజు మా పిల్లలు నా దగ్గరకొచ్చి అడిగేది సరిగ్గా ఇదే. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని నాతోపాటు వేసుకుంటూ రండి.

మొదట, కూడి భాగించడం ఎందుకు పనికిరాదో చూద్దాం. మీరు 18, 15, 9, 31, 26 కూడారు, 99 వచ్చింది. దాన్ని 140తో భాగించారు, 70.7 వచ్చింది. ఇలా చేసినప్పుడు 140 మార్కుల్లో 100 మార్కులు అసైన్‌మెంట్లవే. అంటే మీ లెక్కలో అసైన్‌మెంట్లకు 71 శాతం బరువు పడింది, మిడ్‌టర్మ్‌కు 29 శాతమే పడింది. సిలబస్ చెప్పింది దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ అసైన్‌మెంట్లకు 25, మిడ్‌టర్మ్‌కు 30. మిడ్‌టర్మ్‌దే పెద్ద చెయ్యి. మీకు మార్కులు బాగా వచ్చింది అసైన్‌మెంట్లలో కాబట్టి, వాటి బరువు పెరిగేసరికి మొత్తం శాతం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించింది.

నెల్లూరులో ఇంటి స్థలం అంకణాల్లో చెప్తారు, ఇంకో ఊళ్లో సెంట్లలో చెప్తారు. 20 అంకణాలు, 3 సెంట్లు కలిపి 23 అని ఎవరూ రాసుకోరు. ముందు రెండింటినీ ఒకే కొలతలోకి మార్చి అప్పుడు కూడతారు. అసైన్‌మెంట్ మార్కు, మిడ్‌టర్మ్ మార్కు కూడా వేర్వేరు కొలతలే. వాటిని కోర్సు పాయింట్లలోకి మార్చాక కూడాలి.

మార్చడం చాలా తేలిక. ఒక్కో విభాగంలో మీకు వచ్చిన శాతం కట్టండి, దాన్ని ఆ విభాగం వెయిటేజీతో గుణించండి, 100తో భాగించండి. వచ్చింది ఆ విభాగం నుంచి మీ పాయింట్లు.

మీ అసైన్‌మెంట్లు అన్నీ కలిపి 100కి 73, అంటే 73 శాతం. దాన్ని 25తో గుణించి 100తో భాగిస్తే 18.25 పాయింట్లు. మిడ్‌టర్మ్‌లో 40కి 26 అంటే 65 శాతం. దాన్ని 30తో గుణించి 100తో భాగిస్తే 19.5 పాయింట్లు. రెండూ కలిపితే 37.75. పోర్టల్ చెప్పిన అంకె సరిగ్గా ఇదే.

ఈ 37.75ని 100కి చూసి చాలామంది కంగారుపడతారు. ఫైనల్ తాలూకు 45 పాయింట్లు ఇంకా ఎవరికీ రాలేదు, మీకూ రాలేదు. జరగని పరీక్షకు సున్నా వేసుకోకూడదు. అందుకే ఇప్పటి స్థితి తెలియాలంటే అయిపోయిన వెయిటేజీతోనే భాగించాలి. 25, 30 కలిపితే 55. 37.75ని 55తో భాగిస్తే 0.6864, అంటే 68.64 శాతం. దీనర్థం, ఫైనల్ కూడా మీరు ఇప్పటిదాకా రాసిన స్థాయిలోనే రాస్తే చివరికి 68.64 దగ్గరే ఆగుతారు. అంతకంటే బాగా రాస్తే పైకి, తగ్గితే కిందికి.

కొన్ని పోర్టల్స్ ఈ రెండో అంకెను చూపిస్తాయి, కొన్ని మొదటిదాన్ని చూపిస్తాయి. మీ పోర్టల్ 37.75 లాంటి అంకెను చూపించే రకం. ఏ రకమో కనిపెట్టడానికి మొదటి అసైన్‌మెంట్ అయిన వారంలో చూస్తే చాలు. 90 శాతం మార్కులొచ్చినా మొత్తం గ్రేడ్ ఏ నాలుగో, ఐదో చూపిస్తుంటే అది పాయింట్లు పోగు చేసే రకం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. 75 కావాలి, చేతిలో 37.75 ఉన్నాయి, కాబట్టి ఇంకా 37.25 పాయింట్లు కావాలి. ఇవన్నీ ఫైనల్ నుంచే రావాలి, అక్కడ ఉన్నవి 45. 37.25ని 45తో భాగిస్తే 0.8278. అంటే ఫైనల్‌లో 82.78 శాతం. 80 మార్కుల పేపరుకు 66.2 మార్కులు. పాయింట్ రెండు మార్కులు ఎవరూ వేయరు కాబట్టి 67 అనుకోండి.

ఇక్కడ ఎప్పుడూ పై అంకెకే వెళ్లాలి. 66.2 అంటే 66కి దగ్గర కదా అని కిందికి దింపితే ఏమవుతుందో చూడండి. 66 వస్తే ఫైనల్ శాతం 82.5, దాని పాయింట్లు 37.125, మొత్తం 74.875. గీతకు ఒక్క వెంట్రుక వాసి కింద ఆగిపోతారు. 67 వస్తే మొత్తం 75.44. మీ కోర్సులో చివరి అంకెను దగ్గరి పూర్ణాంకానికి సవరించే నియమం ఉంటే 74.875 కూడా 75 అవుతుంది. ఆ నియమం సిలబస్‌లో రాసి ఉంటేనే నమ్మండి. మధ్యలో ఎక్కడా సవరించకండి, 18.25ని 18 అని, 19.5ని 20 అని రాసుకుంటూ పోతే చివరికొచ్చేసరికి మొత్తం తేడా కొడుతుంది.

అలాగే పైకప్పు ఎక్కడుందో కూడా ఇప్పుడే తెలుసుకోవచ్చు. ఫైనల్‌లో 80కి 80 వచ్చినా మీ మొత్తం 37.75 ప్లస్ 45, అంటే 82.75. 85 దాటితేనే పెద్ద గ్రేడ్ అనే కోర్సయితే అది ఇక అందదు. ఈ మాట వినడానికి బాగుండదని నాకు తెలుసు. కానీ అందని దానికోసం రాత్రుళ్లు మేలుకుని, పక్కన ఉన్న వేరే సబ్జెక్టు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. అందుకే పరీక్షకు ముందే ఈ లెక్క వేయమని మా క్లాసులో గట్టిగా చెప్తాను.

చదువుకోవడానికి టైం ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి నేను పిల్లలకు ఇంకో చిన్న లెక్క నేర్పిస్తాను. ఒక్కో మార్కు విలువ ఎంతో కట్టండి. వెయిటేజీని ఆ పరీక్ష మొత్తం మార్కులతో భాగించడమే. మీ అసైన్‌మెంట్లో ఒక మార్కు 25 బై 100, అంటే కోర్సులో పావు పాయింటు. మిడ్‌టర్మ్‌లో ఒక మార్కు 30 బై 40, అంటే ముప్పావు పాయింటు. ఫైనల్‌లో ఒక మార్కు 45 బై 80, అంటే 0.5625. చూశారా, ఫైనల్‌కు వెయిటేజీ ఎక్కువైనా, ఒక్క మార్కు పోతే ఎక్కువ నష్టం జరిగేది మిడ్‌టర్మ్‌లో. మిడ్‌టర్మ్‌లో మీకు పోయిన 14 మార్కులు 10.5 పాయింట్లు తీసుకెళ్లాయి. అసైన్‌మెంట్లలో పోయిన 27 మార్కులు తీసుకెళ్లింది 6.75 మాత్రమే. మిడ్‌టర్మ్ పేపర్ రీవాల్యుయేషన్‌కు అవకాశం ఉండి, రెండు మూడు మార్కులు తక్కువ వేశారని మీకు నిజంగా అనిపిస్తే అడగడానికి అదే చోటు. 3 మార్కులు పెరిగితే 2.25 పాయింట్లు పెరుగుతాయి, అప్పుడు ఫైనల్‌లో 67 బదులు 63 చాలు. కావాలంటే వేసి చూడండి: 75 నుంచి 40 తీసేస్తే 35, దాన్ని 45తో భాగిస్తే 77.78 శాతం, 80కి 62.2.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కంతా అసైన్‌మెంట్ల శాతం దగ్గరే వస్తుంది. నేను పైన నాలుగు అసైన్‌మెంట్ల మార్కులూ కూడి 100కి 73 అన్నాను. ఇంకో పద్ధతి ఉంది. నాలుగింటికీ విడివిడిగా శాతం కట్టి సగటు తీయడం. అప్పుడు మీవి 90, 75, 90, 62. వాటి సగటు 79.25. ఆరు శాతానికి పైగా తేడా! ఎందుకంటే మొదటి పద్ధతిలో 50 మార్కుల అసైన్‌మెంట్‌కు సగం బరువుంది, రెండో పద్ధతిలో అది నాలుగింటిలో ఒకటి మాత్రమే. మీకు తక్కువ వచ్చింది సరిగ్గా ఆ 50 మార్కులదే.

రెండో పద్ధతిలో అసైన్‌మెంట్ల పాయింట్లు 19.81 అవుతాయి. మొత్తం 39.31, ఇప్పటి శాతం 71.48. అప్పుడు 75 కోసం ఫైనల్‌లో 64 మార్కులు చాలు. రెండు పద్ధతులూ ప్రపంచంలో వాడుకలో ఉన్నవే, ఏది వాడాలన్నది కోర్సు చెప్పేవాళ్ల నిర్ణయం. మీ పోర్టల్ 37.75 చూపిస్తోంది కాబట్టి అది మొదటి పద్ధతినే వాడుతోందని మనకు తెలిసిపోయింది. రెండోదైతే 39.31 అని చూపించేది. సిలబస్‌లో మాత్రం ‘ప్రతి అసైన్‌మెంట్‌కు సమాన ప్రాధాన్యం’ అన్న అర్థం వచ్చే మాట ఉందేమో ఒకసారి వెతకండి. ఉంటే పోర్టల్ సెట్టింగే తప్పు, ధైర్యంగా మెయిల్ పెట్టండి. ఒకటిన్నర పాయింటు ఊరికే పోనివ్వకండి.

ఇంకో మాట కోసం కూడా వెతకండి. చాలా కోర్సుల్లో తక్కువ మార్కులొచ్చిన ఒక అసైన్‌మెంట్‌ను వదిలేస్తారు. ఇక్కడ కొత్తవాళ్లు మార్కుల వరుస చూసి 9ని కొట్టేస్తారు, అన్నిటికంటే చిన్న అంకె అదే కదా అని. కానీ అది 10కి 9, మీకు వచ్చినవాటిలో మంచి వాటిలో ఒకటి. దాన్ని తీసేస్తే 90కి 64, అంటే 71.1 శాతం. 73 నుంచి కిందికి పడింది. తీయాల్సింది శాతంలో తక్కువైన 31ని. అప్పుడు మిగిలింది 50కి 42, 84 శాతం. పాయింట్లు 21కి చేరతాయి, మొత్తం 40.5, ఫైనల్‌లో 62 వస్తే సరిపోతుంది. సిలబస్‌లో ఒక్క లైను ఉందా లేదా అన్నదాని మీద ఐదు మార్కుల తేడా.

రాయని అసైన్‌మెంట్ సంగతీ ఇలాంటిదే. మా దగ్గర అల్లూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి, వాళ్ల నాన్నను నెల్లూరులో ఆసుపత్రిలో చేర్చడంతో ఒక అసైన్‌మెంట్ ఇవ్వలేకపోయింది. ఆమెకు మినహాయింపు ఇచ్చాం. అయితే షీటులో ఆ గడిలో ఎవరో సున్నా కొట్టేశారు. మినహాయింపు అంటే వచ్చిన మార్కులతోపాటు మొత్తం మార్కులు కూడా లెక్కలోంచి పోవాలి. మీ అంకెలతోనే చూడండి. ఆ 50 మార్కుల అసైన్‌మెంట్ మినహాయింపు అయితే మీది 50కి 42, అంటే 84 శాతం. సున్నా అయితే 100కి 42, అంటే 42 శాతం. 21 పాయింట్లు ఉండాల్సిన చోట 10.5. ఆ అమ్మాయి తన శాతం చేత్తో కట్టుకుని వచ్చి చూపించింది కాబట్టి అదే రోజు సరిచేశాం. అందుకే పోర్టల్ ఉన్నా సరే, ఒక్కసారి చేత్తో వేసుకోమని నా గట్టి సలహా.

ఎక్సెల్‌లో వేసుకోవాలనుకుంటే బి కాలమ్‌లో శాతాలు, సి కాలమ్‌లో వెయిటేజీలు పెట్టండి. రెండో వరుస అసైన్‌మెంట్లు, మూడోది మిడ్‌టర్మ్, నాలుగోది ఫైనల్. బి2లో 73, బి3లో 65, బి4 ఖాళీ. సి2 నుంచి సి4 దాకా 25, 30, 45. ఇప్పటి శాతానికి, ఫైనల్‌లో కావలసిన శాతానికి ఫార్ములాలు ఇవి:

```
=SUMPRODUCT(B2:B3,C2:C3)/SUM(C2:C3)
=(75-SUMPRODUCT(B2:B3,C2:C3)/100)/C4*100
```

మొదటిది 68.64, రెండోది 82.78 చూపించాలి. శాతం గుర్తు లేకుండా ఉత్త అంకెలే టైప్ చేయండి. మొదటి ఫార్ములాలో నాలుగో వరుసను ఇప్పుడే కలపకండి. ఖాళీ గడిని ఎక్సెల్ సున్నాగా తీసుకుంటుంది, కింద భాగించే చోట మాత్రం 45ని కలుపుకుంటుంది. అప్పుడు మళ్లీ అదే 37.75 కనిపించి మళ్లీ అదే కంగారు. ఫైనల్ మార్కులు వచ్చాక 3ని 4గా మార్చుకుంటే చాలు.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఒక గుర్తు చెప్తాను. ఇప్పటి శాతం ఎప్పుడూ మీ విభాగాల్లో తక్కువ శాతానికీ ఎక్కువ శాతానికీ మధ్యలోనే ఉండాలి. మీవి 65, 73. 68.64 వాటి మధ్యే ఉంది. పైగా మిడ్‌టర్మ్‌కు బరువు కొంచెం ఎక్కువ కాబట్టి, సరిగ్గా మధ్యన ఉండే 69 కంటే కాస్త 65 వైపు ఒరిగి ఉండాలి. అలాగే ఉంది. మీ 70.7 కూడా 65కీ 73కీ మధ్యే ఉంది, కానీ అది 73 వైపు ఒరిగింది. తప్పు అక్కడే పట్టిస్తుంది.

చివరగా ఫెయిల్ భయం గురించి. మొత్తం మీద 40 వస్తే పాస్ అనే కోర్సయితే మీకు ఇంకా 2.25 పాయింట్లే కావాలి, అంటే ఫైనల్‌లో 80కి 4 మార్కులు. ఇది చూసి ఊపిరి పీల్చుకునే ముందు ఫైనల్‌కు విడిగా కనీస మార్కులు ఉన్నాయేమో చూడండి. మన వైపు బీటెక్ పిల్లలకు ఇది బాగా తెలుసు. జేఎన్‌టీయూ ఆర్20 రెగ్యులేషన్‌లో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. మొత్తం మీద 40 శాతం రావడంతోపాటు ఎక్స్‌టర్నల్‌లో విడిగా 35 శాతం రావాలి. ఇంటర్నల్‌లో 28 వచ్చి, ఎక్స్‌టర్నల్‌లో 20 దగ్గర ఆగినవాడికి మొత్తం 48 ఉన్నా సబ్జెక్టు మిగిలిపోతుంది. ఎన్‌పీటెల్ కోర్సుల్లోనూ అంతే. అక్కడ అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 విడివిడిగా కనీసం రావాలి. వెయిటేజీ లెక్కలో ఈ గీతలు కనపడవు, నియమాల పేజీలోనే ఉంటాయి.

మీ కోర్సులోనూ ఫైనల్‌లో 35 శాతం తప్పనిసరి అని ఉంటే, పాస్‌కు కావలసింది 4 కాదు, 28 మార్కులు. సిలబస్ పీడీఎఫ్‌లో గ్రేడింగ్ అని ఉన్న పేజీ మొత్తం ఇక్కడ కాపీ చేసి పెట్టండి. అసైన్‌మెంట్ వదిలేసే నియమం, సవరణ నియమం, ఫైనల్ కనీసం, ఈ మూడూ చూసి 67 అన్న అంకె మారుతుందో లేదో చెప్తాను.